ధైర్యం చేష్టలో ఉన్నదా, శీలంలో ఉన్నదా? – అరిస్టాటిల్ మధ్యస్థితి వాదం, ఉద్యోగరంగంలో దాని పరీక్ష

ఒక ఉద్యోగి తన ముందుంచిన పత్రంపై సంతకం చేయడానికి నిరాకరించాడనుకొందాం. ఆ పత్రంలో ఉన్నది సత్యం కాదని అతనికి తెలుసు. పై అధికారి సమక్షంలోనే, పదిమందీ చూస్తుండగా నిరాకరించాడు. ఈ పని ధైర్యమేనా అని ఎవరైనా అడిగితే లోకం తడువుకోకుండా అవుననే చెబుతుంది. కాని అదే నిరాకరణ నాలుగు విధాల మనుషుల నుండి రావచ్చు. ఒకడు నిజంగా ధీరుడు. మరొకడు రేపు విచారణ జరిగితే తన తల మీదికి వస్తుందని భయపడినవాడు. ఇంకొకడు ఆ అధికారిపై పాతకక్ష తీర్చుకొంటున్నవాడు. నాలుగవవాడు మరునాడే వేరొక కొలువులో చేరబోతున్నవాడు, కనుక అతనికి పోయేదేమీ లేదు. చేష్ట ఒక్కటే, చేసిన మనుషులు నలుగురు. చేష్టను మాత్రమే తూచే నీతిశాస్త్రానికి ఈ నలుగురి మధ్య భేదం చెప్పడం కష్టం. భేదం చెప్పడమే తన ప్రధాన కార్యంగా పెట్టుకొన్న శాస్త్రం ఒకటి ఉన్నది. దానిని మనం సద్గుణ నీతిశాస్త్రమని గాని, శీలప్రధాన నీతిశాస్త్రమని గాని పిలుచుకోవచ్చు. దానికి మూలపురుషుడు అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322), మూలగ్రంథం నికొమాకియన్ నీతిశాస్త్రం.

ఆ గ్రంథంలో ధైర్యాన్ని గూర్చి చెప్పిన దానిని ఆధునిక ఉద్యోగరంగానికి అన్వయిస్తే అది ఎంతవరకు నిలుస్తుంది, ఎక్కడ తడబడుతుంది అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం. ఫలితప్రధానం, విధిప్రధానం అనే తక్కిన రెండు మార్గాలతో దీనికున్న వివాదం చాలా విస్తృతమైనది. దాని జోలికి అవసరమైనంత మేరకే పోతాను.

గ్రంథం రెండవ భాగం నాలుగవ అధ్యాయంలో అరిస్టాటిల్ ఒక చిక్కు ప్రశ్నను తానే లేవనెత్తుకొంటాడు. ధైర్యమైన పనులు చేయడం వల్లనే మనిషి ధైర్యవంతుడవుతాడని ముందు చెప్పాడు. అట్లయితే ఆ పనులు చేసేవాడు అప్పటికే ధైర్యవంతుడు కావద్దా? దీనికి సమాధానం వ్యాకరణం నేర్చుకొనే బాలుని ఉదాహరణతో మొదలవుతుంది. బాలుడు శుద్ధమైన వాక్యం పలికినంతమాత్రాన వైయాకరణుడు కాడు. యాదృచ్ఛికంగా పలికి ఉండవచ్చు, పక్కనున్నవాడు చెప్పగా పలికి ఉండవచ్చు. తనలో ఉన్న వ్యాకరణ జ్ఞానం నుండి పలికినప్పుడే వైయాకరణుడు. సంధిసూత్రం ఎరుగకనే సంధి సరిగా చేసే విద్యార్థిని చూడని అధ్యాపకుడు మనలో ఉండడు గనుక ఈ ఉపమానం మనకు విశేషించి తెలిసినదే. అయితే సద్గుణం విషయంలో జ్ఞానం ఒక్కటే చాలదంటాడు అరిస్టాటిల్. కర్త తానేమి చేస్తున్నాడో ఎరిగి చేయాలి, ఆ పనిని ఆ పని కొరకే ఎంచుకొని చేయాలి, స్థిరమై చలించని శీలం నుండి చేయాలి. ఈ మూడింటిలో మొదటిదానికి ప్రాధాన్యం తక్కువ, చివరి రెండే సర్వస్వం అని కూడా స్పష్టంగా అంటాడు.

ఈ మూడు షరతులను పైన చెప్పిన నలుగురికి పెట్టి చూస్తే విచారణకు భయపడినవాడు రెండవ షరతు దగ్గర ఆగిపోతాడు. అతడు కోరింది సత్యాన్ని కాదు, తన రక్షణను. కక్షదారుడూ అక్కడే ఆగుతాడు. కొలువు మారబోయేవాని సంగతి వేరు. అతడు నిజాయితీగానే నిరాకరించి ఉండవచ్చు, కాని ఆ నిరాకరణ అతని స్థైర్యాన్ని పరీక్షించలేదు. మూడవ షరతు విషయంలో అతనిని గూర్చి మనం ఏమీ చెప్పలేము. ఒక చేష్ట శీలానికి సాక్ష్యం కావచ్చు గాని శీలమే కాదు. ఒక్క సాక్షితో తీర్పు చెప్పరాదన్న వ్యవహారన్యాయం ఇక్కడ కూడా వర్తిస్తుంది.

ఇక మధ్యస్థితి. ఈ మాటను మనవారు తరచు మితమని అర్థం చేసుకొంటారు. అతి పనికిరాదన్న లోకోక్తితో సమీకరించి ముగిస్తారు. బౌద్ధుల మధ్యమ ప్రతిపదతో కలిపివేసినవారూ ఉన్నారు. ఈ రెండూ సరికావు. మితమే గుణమైతే కోపం ఎప్పుడూ కొద్దిగానే రావాలి, భయం ఎప్పుడూ కొద్దిగానే ఉండాలి. అరిస్టాటిల్ చెప్పింది అది కాదు. ఆయన ఇచ్చిన ఉదాహరణ మల్లుడైన మీలోది. ఒకనికి పది మినాల ఆహారం అధికం, రెండు మినాలు అల్పం అనుకొందాం. గణితరీత్యా మధ్యమం ఆరు. కాని వ్యాయామ గురువు అందరికీ ఆరు మినాలే నిర్ణయించడు. ఆ ఆరు మీలోకు చాలవు, అప్పుడే సాధన ప్రారంభించినవానికి ఎక్కువ. కనుక మధ్యమం వస్తువులో లేదు, మనిషిని బట్టి, సందర్భాన్ని బట్టి ఉన్నది. తగినదానికి, తగిన కారణంతో, తగిన రీతిలో, తగిన సమయంలో భయపడడమూ నిలబడడమూ ధైర్యం. ఒక సందర్భంలో మిక్కిలి భయపడడమే మధ్యస్థితి కావచ్చు. వంతెన కూలబోతున్నదని తెలిసిన ఇంజనీరు కొద్దిగా మాత్రమే భయపడితే అది గుణం కాదు, దోషం.

ధైర్యానికి సంబంధించిన భావాలు రెండు అని అరిస్టాటిల్ గుర్తించాడు. ఒకటి భయం, రెండవది నిబ్బరం, అనగా తనపై తనకుండే నమ్మకం. ఈ రెండింటినీ ఒకే త్రాసు యొక్క రెండు చివరలుగా చూడరాదు. భయం లేనివానికి నిబ్బరం ఉండి తీరాలని లేదు. భయం మరీ మితిమీరి, నిబ్బరం కొరవడినవాడు పిరికివాడు. నిబ్బరం హద్దు దాటినవాడు తెంపరి. భయమన్నదే ఎరుగనివానికి గ్రీకుభాషలో పేరు లేదంటూ, భూకంపానికీ సముద్ర తరంగాలకూ భయపడరని కెల్ట్ జాతివారిని గూర్చి చెప్పుకొనే మాటను ఉదహరిస్తాడు. అటువంటివాడు ధీరుడు కాడు, ఉన్మత్తుడో, నొప్పి తెలియనివాడో కావాలి.

ఇక్కడ మన పదసంపదను గూర్చి ఒక మాట. నేటి తెలుగులో సాహసం ప్రశంసాపదం. కాని ధర్మశాస్త్రాలలో సాహసమంటే బలాత్కారంతో చేసిన నేరం, వ్యవహారపదాలలో అది ఒకటి. ఆలోచన లేని దూకుడు అనే అర్థం సంస్కృతంలో దానికి ప్రసిద్ధమే. పూర్వార్థం మరుగున పడిన తరువాత ఆ ఖాళీని పూరించడానికి మనకు దుస్సాహసమనే పదం కావలసివచ్చింది. తెలుగులోని తెంపరితనం ఆ పాత అర్థాన్ని ఇప్పటికీ నిలుపుకొన్నది. కావున అరిస్టాటిల్ పరిభాషను తెలుగులోకి తెచ్చేటప్పుడు అతికి తెంపరితనం, లోపానికి పిరికితనం, మధ్యస్థితికి ధైర్యం అనే పదాలు వాడడం ఉచితం. సాహసమనే పదాన్ని పక్కన పెట్టడం క్షేమం. ధీర శబ్దానికి స్థైర్యవంతుడు, బుద్ధిమంతుడు అని రెండర్థాలు ఉండడం మనకు కలిసివచ్చే విషయం. అరిస్టాటిల్ ధైర్యానికి వివేకం లేనిదే నిలుకడ లేదు.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయంలో బుద్ధిని మూడు విధాలుగా విభజించినప్పుడు, సాత్త్విక బుద్ధి తెలిసికొనే విషయాలలో కార్యాకార్యాలతో పాటు భయాభయాలను కూడా చేర్చడం గమనార్హం. దేనికి భయపడాలో తెలియడం కూడా ఒక జ్ఞానమే అన్న అంశంలో రెండు గ్రంథాలూ కలుస్తాయి. సామ్యం అంతటితో ఆగుతుంది. గీతలోని విభాగం గుణత్రయాన్ని అనుసరించింది. అక్కడ ఉత్తమం నుండి అధమానికి దిగే మెట్లు ఉన్నాయే గాని, రెండు దోషాల నడుమ నిలిచిన ఒక గుణం లేదు. తులనాత్మక వ్యాసాలలో ఈ భేదాన్ని చెరిపివేయడం తరచు కనబడుతుంది. అది ఉభయ గ్రంథాలకూ అన్యాయం.

ఒక ఆక్షేపణను ఇక్కడే ఎదుర్కోవాలి. అరిస్టాటిల్ ముఖ్యార్థంలో ధైర్యమని చెప్పింది యుద్ధంలో మరణభయాన్ని ఎదుర్కొనే గుణాన్ని మాత్రమే. ధననష్టానికి జంకనివానిని ధైర్యవంతుడనడం సాదృశ్యం వల్లనే అంటాడు. అపకీర్తికి భయపడకపోవడం ధైర్యం కాదు, సిగ్గులేనితనమని కూడా అంటాడు. అట్లయితే కార్యాలయంలో ధైర్యమన్న మాటకు ఆయన శాస్త్రంలో చోటెక్కడిది? సమాధానం ఆయన గురువైన ప్లేటో వద్ద దొరుకుతుంది. లాకెస్ అనే సంవాదంలో సోక్రటీసు యుద్ధభూమిలో నిలిచినవారినే గాక, సముద్రంలోను, రోగంలోను, దారిద్ర్యంలోను, రాజకీయ వ్యవహారాలలోను నిలబడినవారిని కూడా ధైర్యవంతులలో చేరుస్తాడు. ఆధునిక సద్గుణ నీతివాదులు విషయంలో ప్లేటో విస్తృతినీ, నిర్మాణంలో అరిస్టాటిల్ చట్రాన్నీ తీసుకొన్నారని చెప్పవచ్చు. పైగా, కొన్ని వృత్తులలో ప్రాణభయం దూరంగా లేదు. తన ప్రాణం కాకపోవచ్చు, తన సంతకంపై ఆధారపడిన ఇతరుల ప్రాణం. ఈ రెండవ సంగతికి అమెరికాలో 1986లో జరిగిన ఛాలెంజర్ వ్యోమనౌక దుర్ఘటనను మించిన ఉదాహరణ దొరకదు. దాని వెనుక జరిగిన సంభాషణలు ప్రభుత్వ విచారణలో నమోదైనందున, ఊహలపై ఆధారపడకుండా పరిశీలించే వీలు కూడా ఉన్నది.

ఆ నౌకకు ఇరువైపులా ఉండే ఘనఇంధన రాకెట్లను యూటా రాష్ట్రంలోని మార్టన్ థయొకాల్ సంస్థ తయారుచేసేది. ఒక్కొక్క రాకెట్టు వ్యాసం సుమారు 12 అడుగులు. అది భాగాలుగా చేసి అతికినది. అతుకుల వద్ద వేడి వాయువు బయటికి రాకుండా రబ్బరు వలయాలు, వాటినే ఓ-రింగులంటారు, అమర్చేవారు. చలికి రబ్బరు బిగుసుకొని, అతుకు కదలినప్పుడు ఏర్పడే సందును వెంటనే పూడ్చలేదు. 1985 జనవరిలో జరిగిన ప్రయోగంలో వలయాల ఉష్ణోగ్రత 53 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 12 డిగ్రీల సెంటిగ్రేడ్. తిరిగి వచ్చిన రాకెట్టును విప్పి చూసినప్పుడు మొదటి వలయాన్ని దాటి నల్లని మసి కనబడింది. దానిని పరీక్షించిన ఇంజనీరు రోజర్ బోజొలి. ఆ సంవత్సరం జూలై 31న ఆయన ఇంజనీరింగు ఉపాధ్యక్షుడైన రాబర్ట్ లండ్‌కు లిఖితపూర్వకంగా హెచ్చరిక పంపాడు. ఈ సమస్యపై వెంటనే ప్రత్యేక బృందాన్ని నియమించకపోతే ప్రాణనష్టంతో కూడిన ఘోరవిపత్తు జరగవచ్చునని దాని సారాంశం. బృందం ఏర్పడింది గాని దానికి కావలసిన సహకారం అందలేదు.

1986 జనవరి 27 రాత్రి, మరునాటి ఉదయం ఫ్లోరిడాలో తీవ్రమైన చలి ఉంటుందని తెలిసి, మూడు చోట్ల ఉన్నవారి మధ్య టెలిఫోను సమావేశం జరిగింది. యూటాలోని ఇంజనీర్లు 53 డిగ్రీలకు దిగువన ప్రయోగించవద్దని సిఫారసు చేశారు. వారి ఆధారాలలో ఒక బలహీనత ఉన్నది. 75 డిగ్రీల వెచ్చని రోజున జరిగిన ఒక ప్రయోగంలో కూడా మసి దాటింది. చలి ఎంత పెరిగితే ప్రమాదం ఎంత పెరుగుతుందో లెక్క కట్టి చెప్పమని అడిగినప్పుడు బోజొలి చెప్పలేకపోయాడు. చల్లని రోజు మసి మరింత నల్లగా, మరింత ఎక్కువగా ఉన్నదని, పోకడ చెడువైపే ఉన్నదని మాత్రమే చెప్పగలిగాడు. నాసా అధికారులు ఆ సిఫారసును తీవ్రంగా ఆక్షేపించారు. థయొకాల్ వారు ఐదు నిమిషాలు తమలో తాము మాట్లాడుకొంటామని ఫోను పక్కన పెట్టారు. ఆ ఐదు నిమిషాలు అరగంట అయింది. బోజొలి, ఆర్నీ థాంప్సన్ లేచి వెళ్లి ఛాయాచిత్రాలు, గీతలు చూపుతూ చివరిసారి వాదించారు. ఫలితం లేకపోయింది. సంస్థ ఉన్నతాధికారి జెరీ మేసన్, లండ్‌ను ఇంజనీరుగా గాక నిర్వాహకుడుగా ఆలోచించమని కోరాడు. అప్పటిదాకా ఇంజనీర్ల పక్షాన ఉన్న లండ్ మాట మార్చాడు. ఫ్లోరిడాలో సంస్థ ప్రతినిధిగా ఉన్న అలన్ మెక్‌డొనాల్డ్ ప్రయోగానికి అనుకూలమైన సిఫారసుపై సంతకం చేయనన్నాడు. యూటా నుండి జో కిల్మిన్‌స్టర్ సంతకం చేసి పంపాడు. మరునాడు 36 డిగ్రీల చలిలో లేచిన నౌక 73వ సెకనులో ఛిన్నాభిన్నమైంది. ఏడుగురు మరణించారు.

ఫలితాన్ని మాత్రమే చూసేవాడు మెక్‌డొనాల్డ్ నిరాకరణను ఎట్లా తూచాలి? దాని వల్ల ఏమీ ఆగలేదు, మరొకరు సంతకం చేశారు. ఆ వలయాలు దైవవశాత్తు నిలిచి ఉంటే ఆయన అనవసరంగా ఆందోళనపడ్డవాడుగా మిగిలేవాడు. అంటే ఆయన గుణం రబ్బరు స్వభావంపై ఆధారపడవలసివస్తుంది. శీలప్రధాన దృష్టిలో నౌక సురక్షితంగా తిరిగివచ్చినా ఆ నిరాకరణ విలువ తగ్గదు. ఆయనకు ఆనాడు తెలిసినదేమిటి, దానికి తగినట్లు భయపడ్డాడా, తగినట్లు నిలబడ్డాడా అన్నదే ప్రశ్న. ఆయన వలయాల సంగతే కాక, ప్రయోగవేదికపై మంచు గడ్డకట్టడాన్ని, రాకెట్లను తిరిగి తెచ్చే నౌకలు తుఫాను సముద్రంలో చిక్కుకోవడాన్ని కూడా కారణాలుగా చెప్పాడు. మొండిపట్టు పట్టినవాడు ఒకే మాటను పదిసార్లు చెబుతాడు. ఆయన పరిస్థితిని అన్నివైపులా చూసి చెప్పాడు.

బోజొలి విషయంలో మధ్యస్థితిని ఇంకా వివరంగా చూడవచ్చు. 1985 జూలైలో ఆయనకు రెండు వికృతమార్గాలు తెరిచే ఉన్నాయి. ఒకటి, సమావేశంలో నోటిమాటగా అని ఊరుకోవడం. కాగితంపై పెట్టకపోతే రేపు ఎవరూ అడగరు, ఈనాడు ఎవరూ కోపగించరు. రెండవది, ఒక ప్రయోగంలో కనబడిన మసిని పట్టుకొని నేరుగా పత్రికలకెక్కడం. మొదటిది లోపం, రెండవది అతి. ఆయన నిర్ణయాధికారం గలవానికి, లిఖితంగా, ఆధారాలు చెప్పగలిగినంత మేరకు, ఇంకా వ్యవధి ఉన్నప్పుడే చెప్పాడు. సమావేశపు రాత్రి అంకె అడిగినప్పుడు ఆయన లేని అంకెను కల్పించలేదు. నా దృష్టిలో ఆ రాత్రి జరిగినదానిలో ఇదే అతిసూక్ష్మమైన ధైర్యపరీక్ష. కల్పించిన ఒక అంకె బహుశా సభను గెలిపించేది. అయినా ఆయన తన నిబ్బరాన్ని తన ఆధారాల పరిమాణానికి మించి పెంచలేదు. భయం విషయంలో మధ్యస్థితి ఏడుగురి ప్రాణానికి తగినంత భయపడడం. నిబ్బరం విషయంలో మధ్యస్థితి తెలిసినంత మేరకే తెలుసునని చెప్పడం. ఆ రెండూ ఒకే మనిషిలో కలవడం అరుదు.

ఓటు పడిన తరువాత ఆయన ఎందుకు ఆగిపోయాడు, వ్యోమగాములకు నేరుగా ఎందుకు చెప్పలేదు అని అడిగినవారున్నారు. ఈ ప్రశ్నకు మధ్యస్థితి వాదం సూత్రప్రాయమైన జవాబు ఇవ్వదు. ఇవ్వలేకపోవడం దాని లోపమని కొందరు, దాని నిజాయితీ అని కొందరు అంటారు. వివేకి అయినవాడు నిర్ణయించినట్లుగా అని అరిస్టాటిల్ చెప్పి ఊరుకొంటాడు. ఆ వివేకి ఎవరో తెలియాలంటే ముందుగా మనకు వివేకం ఉండాలి. ఈ చక్రకదోషాన్ని పూర్తిగా పరిహరించినవారు లేరు.

ధైర్యం వలె కనబడి ధైర్యం కాని ఐదింటిని అరిస్టాటిల్ మూడవ భాగంలో వివరిస్తాడు. కీర్తికో దండనకో నిలబడే పౌరుల ధైర్యం, అనుభవం వల్ల కలిగేది, ఆగ్రహం వల్ల కలిగేది, ఇంతకుముందు గెలిచామన్న ధీమా, ప్రమాదమేదో తెలియకపోవడం. వీటిలో నాలుగవది ఛాలెంజర్ వ్యవహారానికి విశేషించి వర్తిస్తుంది. అంతకుముందు ఇరవై నాలుగు సార్లు నౌకలు వెళ్లి తిరిగివచ్చాయి. వలయాలు కాలినా ప్రతిసారి నిలిచాయి. ఆ విజయాల నుండి పుట్టిన ధీమా, చూసేవారికి నిర్ణయాత్మకమైన ధైర్యంగా కనబడింది. అటువంటివారు త్రాగినవారి వంటివారని, తాము అనుకొన్నట్లు జరగనప్పుడు పారిపోతారని అరిస్టాటిల్ అంటాడు. ఉద్యోగరంగంలో దృఢసంకల్పమని మెచ్చుకొనే అధికారి స్వభావంలో ఎంత పాలు ఈ ధీమా అన్నది విడదీసి చూడడం అవసరం. రెండవది కూడా ఆలోచింపదగినదే. కూలి సైనికులు అనుభవజ్ఞులు గనుక ఏది ఉత్తుత్తి ప్రమాదమో ఎరిగి నిలబడతారు, నిజమైన ప్రమాదం వచ్చినప్పుడు మొదట పరుగెత్తేది వారేనంటాడు. వారు పారిపోగా పౌరులు నిలిచి మరణించిన ఒక సంఘటనను కూడా పేర్కొంటాడు. కార్యాలయంలో ఏ అధికారి కోపం మాటవరసకో, ఏది నిజమో ఎరిగిన పాతకాపు మాటల్లో ఈ రకం ధైర్యమే చాలావరకు ఉంటుంది.

తెంపరిని గుర్తించడానికి ఆయన ఇచ్చిన లక్షణం మరీ ఉపయోగకరమైనది. ప్రమాదం రాకముందు తెంపరి ఉరకలు వేస్తాడు, వచ్చినప్పుడు వెనుకంజ వేస్తాడు. ధీరుడు ముందు ప్రశాంతంగా ఉంటాడు, సమయానికి తీక్ష్ణుడవుతాడు. తెంపరులలో అధికులు తెంపరి-పిరికివారని ఆయన ఒక సమాసపదం కూడా ప్రయోగించాడు. ఉపాహారశాలలో అధికారిని ఏకవచనంతో సంబోధించి, సమావేశంలో నోరు మెదపని సహోద్యోగిని ఎరగనివారు ఉండరు. ఆకస్మిక ప్రమాదంలో చూపిన స్థైర్యమే శీలానికి మంచి గుర్తని కూడా అరిస్టాటిల్ అంటాడు. ముందే తెలిసినదానికి లెక్కలు వేసుకొని సిద్ధపడవచ్చు, హఠాత్తుగా వచ్చినదానికి శీలమే సమాధానం చెప్పాలి. 1986 ఫిబ్రవరి 10న విచారణ సంఘం ఎదుట నాసా అధికారి ఒకరు థయొకాల్ సిఫారసును గూర్చి అసంపూర్ణంగా చెప్పినప్పుడు, వెనుక కూర్చున్న మెక్‌డొనాల్డ్, ఎవరూ అడగకుండానే, లేచి జరిగినది చెప్పాడు. తన సంస్థ మొదట ప్రయోగించవద్దన్నదన్న సంగతి సంఘానికి అప్పుడు స్పష్టమైంది. జనవరి 27 నాటి నిరాకరణను ఒంటరిగా చూస్తే ఆత్మరక్షణ అని అనుమానించే వీలుంది, ఎందుకంటే ఏదైనా జరిగితే విచారణ సంఘానికి జవాబు చెప్పుకోవలసి రావడం తనకిష్టం లేదని ఆ రాత్రి ఆయనే అన్నాడు. ఫిబ్రవరి నాటి చేష్టకు ఆ అనుమానం వర్తించదు. అది ఆయనకు నష్టమే తెచ్చింది, పదవి తగ్గించారు. అమెరికా పార్లమెంటు సభ్యులు జోక్యం చేసుకొన్న మీదటనే ఆయనకు స్థానం తిరిగి లభించి, అతుకుల పునర్నిర్మాణ బాధ్యత అప్పగించబడింది. రెండవ చేష్ట మొదటిదానికి అర్థం చెప్పింది. శీలాన్ని చేష్టల పరంపరలో చదవాలన్నదానికి ఇంతకంటె స్పష్టమైన తార్కాణం అక్కరలేదు.

ఇదే న్యాయం లండ్‌కు కూడా వర్తింపజేయాలి. ఆయన ఓటు మార్చడం తప్పు. దాని పరిణామాలు దారుణం. కాని ఆ ఒక్క చేష్టను పట్టుకొని ఆయనను పిరికివాడనడానికి శీలప్రధాన నీతిశాస్త్రం అనుమతించదు. తన నిర్ణయం తప్పని తెలిసీ ఒత్తిడికి లొంగినవానిని అరిస్టాటిల్ ఏడవ భాగంలో సంయమం కోల్పోయినవానిగా వేరుగా పరిగణిస్తాడు, అది దుర్గుణం కాదు, దుర్బలత. లండ్ ఆ కోవకు చెందినవాడా, నిజంగానే నమ్మకం మార్చుకొన్నవాడా అన్నది చెప్పాలంటే ఆయన ఉద్యోగజీవితంలోని తక్కిన సందర్భాలు తెలియాలి. ఆ రాత్రి ఒక్కటే తెలిసినవారు తీర్పును నిలుపుకోవాలి. ఇది సానుభూతి కాదు, పద్ధతి. మెచ్చుకోవడానికి ఏ నియమం పెట్టామో నిందించడానికీ అదే నియమం పెట్టాలి.

ఈ వాదంపై ఇరవయ్యవ శతాబ్దంలో బలమైన దెబ్బ తగిలింది. అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనేవారు వేలమంది బడిపిల్లల నిజాయితీని పరీక్షించి 1928లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఒక పరిస్థితిలో నిజాయితీగా ఉన్న పిల్లవాడు మరొక పరిస్థితిలో అట్లాగే ఉంటాడని చెప్పడానికి వీల్లేదు. ఇటువంటి పరీక్షలను ఆధారం చేసుకొని గిల్బర్ట్ హార్మన్, జాన్ డోరిస్ వంటి తత్త్వవేత్తలు శీలమనే స్థిరవస్తువు ఉన్నదా అనే ప్రశ్న లేవనెత్తారు. మనిషిని నడిపేది శీలం కాదు, పరిస్థితి అని వారి పక్షం. ఛాలెంజర్ రాత్రి వారికి కూడా సాక్ష్యమిస్తుంది. బోజొలి తరువాత చెప్పినట్లు, ప్రయోగం సురక్షితమని నిరూపించవలసిన భారం మామూలుగా ఇంజనీర్లపై ఉండేది. ఆ రాత్రి అది తారుమారై, ప్రమాదమని నిరూపించవలసిన భారం వారిపై పడింది. ఆ తారుమారు జరిగిన గదిలో సామాన్యుడు ఎవడైనా లండ్ వలె మాట మార్చి ఉండేవాడేమో.

దీనికి అరిస్టాటిల్ పక్షం నుండి చెప్పగలిగినది రెండు మాటలు. సద్గుణం అందరిలో ఉంటుందని ఆయన ఎన్నడూ అనలేదు. అది దుర్లభమని, దీర్ఘకాలాభ్యాసం వల్ల మాత్రమే వస్తుందని అన్నాడు. పరీక్షించిన బడిపిల్లలు అభ్యాసం మొదటి మెట్టులో ఉన్నవారు. వారిలో నిలుకడ కనబడకపోవడం ఆయన సిద్ధాంతానికి విరోధం కాదు. ఇది కొంత సులువైన సమాధానమే, ఎందుకంటే అంత దుర్లభమైన గుణం ఉన్నా లేకపోయినా లోకవ్యవహారానికి భేదమేమిటని ప్రతివాది వెంటనే అడుగుతాడు. రెండవ మాటకు బలం ఎక్కువ. అభ్యాసం ఒంటరిగా జరగదు, మంచి నగరరాజ్యంలో, మంచి చట్టాల నీడలో జరుగుతుందని నీతిశాస్త్రం చివరి అధ్యాయం చెబుతూ రాజనీతిశాస్త్రానికి దారి తీస్తుంది. నిరూపణభారాన్ని తారుమారు చేసే గది, ధీరులను పిరికివారుగా మార్చే అభ్యాసశాల వంటిది. పరిస్థితి శీలాన్ని నిర్ణయిస్తుందన్న వాదం ఇక్కడ శీలాన్ని తోసిపుచ్చదు. శీలం ఎక్కడ తయారవుతుందో చెబుతుంది.

చివరగా ఒక హద్దు. అన్ని కార్యాలకూ మధ్యస్థితి ఉండదని అరిస్టాటిలే చెప్పాడు. దొంగతనానికి, నరహత్యకు తగిన సమయం, తగిన రీతి అంటూ ఏవీ లేవు, వాటి పేరులోనే దోషం ఇమిడి ఉన్నది. కొలతలను కల్పించి రాయడం, లేని పరీక్షను చేసినట్లు చూపడం ఈ కోవకు చేరతాయి. అక్కడ కొంచెం కల్పించడమన్న మధ్యేమార్గం లేదు, అక్కడ కర్తృశీలాన్ని గూర్చి విచారించకుండానే చేష్టను నిషేధించవచ్చు. ఉద్యోగనియమావళులు చేసేది ఆ పనే, ఆ మేరకు అవి సరైనవే. అయితే బోజొలి ఎదుట ఆ రాత్రి ఉన్న ప్రశ్న అది కాదు. తన వద్ద ఉన్న కొద్దిపాటి నల్లని మసికి ఎంత గొంతెత్తాలి, ఎంతసేపు నిలబడాలి అన్నది ప్రశ్న. ఆ కొలతకు నియమావళిలో అధికరణం లేదు.